పవిత్ర గ్రంథం సొంత భాషలోకి వచ్చాక పెత్తనం ఎవరి చేతికి పోయింది?

మానస_హిస్టరీ
ఎం.ఏ. సెమినార్ కోసం అడుగుతున్నాను. "లూథర్ బైబిల్‌ను జర్మన్‌లోకి తెచ్చాడు, జనం చదివారు, పోపు పెత్తనం కూలింది" అని మా నోట్సులో ఒక్క పేరాలో తేల్చేశారు. నాకెందుకో అంత నమ్మకం కుదరడం లేదు. నన్నయ భారతాన్ని తెలుగు చేశాడు, మన దగ్గర పురోహితుల పెత్తనం ఏమీ కూలలేదు కదా. మరి అక్కడ కూలింది, ఇక్కడ కూలలేదు అంటే అసలు పని చేసింది అనువాదమేనా, ఇంకేదైనానా? ఇతర మతాల సంగతులు తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

గోదారిగట్టు_సుబ్బు
ఇందులో పెద్ద చిక్కేం లేదమ్మా. లూథర్ దాకా బైబిల్ లాటిన్‌లోనే ఉండేది. జర్మన్‌లోకి మార్చడాన్ని చర్చి నిషేధించింది. ఫాదర్ ఏం చెబితే జనానికి అదే వేదం. లూథర్ తాళం తీశాడు, గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం ఊరూరా పంచింది. మన దగ్గర అప్పటికి అచ్చు లేదు, అందుకే నన్నయకు ఆ ఫలితం రాలేదు. అంతే.

పాతపుస్తకాలాయన
సుబ్బు గారూ, అచ్చు సంగతి సగం నిజం. మొదటి మాట మాత్రం నిలవదు. లూథర్ కొత్త నిబంధన వచ్చింది 1522 సెప్టెంబరులో. అంతకు 56 ఏళ్ల ముందే, 1466లో, స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ మెంటెలిన్ అనే ముద్రాపకుడు పూర్తి జర్మన్ బైబిల్ అచ్చేశాడు. 1466కీ 1522కీ మధ్య జర్మన్‌లో పూర్తి బైబిళ్లు 18 ముద్రణలు వచ్చాయి. బొమ్మలతో కూడా వచ్చాయి. చర్చికి ఇష్టమా అంటే పెద్దగా కాదు. 1485లో మైన్స్ ఆర్చిబిషప్ బెర్తోల్డ్ తన పరిధిలో జర్మన్‌లోకి అనువదించే పుస్తకాల మీద సెన్సార్ పెట్టాడు. చదువులేనివాళ్లకీ, ఆడవాళ్లకీ ఇవి అర్థం కావు అన్నది ఆయన వాదన. అయినా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, అమ్ముడవుతూనే ఉన్నాయి.

కాబట్టి మానస గారి అనుమానం సరైనదే. భాష మారింది, అచ్చుయంత్రమూ ఉంది, యాభై ఏళ్ల పాటు ఏమీ కూలలేదు.

మానస_హిస్టరీ
పద్దెనిమిదా! మా నోట్సులో ఒక్కటీ లేదు. మరి 1522 పుస్తకంలో కొత్తగా ఏముంది సార్?

పాతపుస్తకాలాయన
మొదటిది, పాత జర్మన్ బైబిళ్లు చర్చి వాడే లాటిన్ పాఠం నుంచి చేసినవి. లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో దాక్కుని ఉన్న కాలంలో ఎరాస్మస్ అనే పండితుడు ప్రచురించిన గ్రీకు పాఠం దగ్గర పెట్టుకుని పని చేశాడు. అంటే చర్చి పాఠాన్ని దాటి దాని వెనక ఉన్నదాన్ని చూశానని చెప్పుకునే వీలు దొరికింది. నా దృష్టిలో ఇంతకన్నా ముఖ్యమైనది వేరే ఉంది. అది మూలంలో లేని భాగం, అంటే ముందుమాటలు, అంచుల్లో రాసిన వివరణలు, బొమ్మలు.

కొత్త నిబంధనలో పత్రికలంటే పౌలు లాంటివాళ్లు రాసిన ఉత్తరాలు. లూథర్ ఒక్కో పత్రికకు ముందుమాట రాశాడు. రోమా పత్రిక ముందుమాట ఒక చిన్న పుస్తకమంత ఉంటుంది. పౌలు ఏమంటున్నాడో పాఠకుడు చదవకముందే, అందులో ఏం వెతకాలో అది చెప్పేస్తుంది. విశ్వాసం ఒక్కటే చాలన్న తన వాదానికి యాకోబు పత్రిక ఇబ్బంది కాబట్టి దాన్ని గడ్డిపోచ అన్నాడు. హెబ్రీ, యాకోబు, యూదా, ప్రకటన గ్రంథాలు నాలుగింటినీ విషయసూచికలో చివరికి నెట్టి, వాటికి వరస నంబర్లు కూడా ఇవ్వలేదు. ఇక ప్రకటన గ్రంథానికి లూకాస్ క్రానాక్ కార్ఖానా చెక్క అచ్చు బొమ్మలు వేసింది. ఆ గ్రంథంలో పాపానికి గుర్తుగా వచ్చే బబులోను వేశ్య తల మీద పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. చదవడం రానివాడికి కూడా ఎవరిని తిడుతున్నారో తెలుస్తుంది! పక్క రాజ్యం డ్యూక్ జార్జ్ మండిపడ్డాక డిసెంబరు ముద్రణలో ఆ కిరీటాన్ని తగ్గించారు.

ఆ డ్యూక్ నవంబరులో తన రాజ్యంలో ఈ పుస్తకాన్ని నిషేధించాడు. జనం దగ్గరున్న కాపీలు తెచ్చిస్తే డబ్బు ఇస్తామన్నాడు. నిషేధం సరిపోదని తెలిశాక, 1527లో తన ఆస్థాన పండితుడు హీరోనిమస్ ఎమ్సర్ చేత సొంతంగా ఒక జర్మన్ కొత్త నిబంధన వేయించాడు. దాన్ని తెరిచి చూస్తే చాలాచోట్ల లూథర్ వాక్యాలే! లాటిన్ పాఠానికి తగ్గట్టు అక్కడక్కడా దిద్దారు, లూథర్ ముందుమాటలు తీసేసి తమవి పెట్టారు. బొమ్మలు కూడా క్రానాక్ దగ్గరివే కొన్నారు. లూథర్ 1530లో దీని మీద వెటకారంగా రాశాడు. నా పుస్తకాన్ని నిషేధించినవాళ్లే దాన్ని ఇంకొకడి పేరుతో చదవమంటున్నారు అని.

మీ సెమినార్‌కు ఎమ్సర్ ఉదంతం ఒక్కటి చాలనుకుంటాను. అనువాదం దాదాపు ఒకటే. కొట్లాట అంతా దాని చుట్టూ ఉన్న కాగితం ఎవరిది అన్నదాని మీదే.

శ్రీలక్ష్మి_విజయవాడ
మంచి చర్చ. మా అనుభవం చెబుతాను. పోయినేడు మా గృహప్రవేశానికి తెలుగులో మంత్రాలు చెప్పే ఒకాయన్ని పిలుద్దామని మావారు అన్నారు. అర్థమవుతుంది కదా, బాగుంటుంది అని. మా అత్తగారు ససేమిరా అన్నారు. "అర్థమైతే మంత్రం ఏమిటే, అది ఉపన్యాసం" అనేశారు. చివరికి మామూలు పురోహితుడే వచ్చారు. మీలో ఎవరైనా తెలుగు మంత్రాలతో చేయించారా? ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, పెళ్లి కూడా ఉంది.

గోదారిగట్టు_సుబ్బు
మేడమ్, ఇది పురోహితుల డైరెక్టరీ కాదండీ. ప్రశ్న వేరు.

చార్మినార్_రహీమ్
సుబ్బన్నా, తొందరపడకు. ఆ అత్తగారి మాటలోనే అసలు సంగతి ఉంది. చదువుకోవడానికి గ్రంథం సొంత భాషలో ఉండటం వేరు, పూజలో ప్రార్థనలో సొంత భాష వాడటం వేరు. మొదటిదాన్ని చాలామంది ఒప్పుకుంటారు. గొడవంతా రెండోదానితో వస్తుంది. ఖురాన్ విషయంలో ఇది బాగా కనబడుతుంది.

మన హైదరాబాద్ కథతోనే మొదలుపెడతాను. మార్మడ్యూక్ పిక్తాల్ అనే ఇంగ్లిష్ రచయిత ముస్లిం అయ్యాడు. 1925లో నిజాం కొలువులోకి వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా చేశాడు. ఖురాన్‌ను ఇంగ్లిష్‌లోకి తేవడానికి నిజాం ఆయనకు పూర్తి జీతంతో రెండేళ్లు సెలవిచ్చాడు. రాయడం అయ్యాక పిక్తాల్ ఈజిప్టు వెళ్లాడు, అక్కడి అరబ్బీ పండితులకు చూపించి ఆమోదం తెచ్చుకుందామని. అక్కడి అల్ అజ్హర్ ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో అసలు ఖురాన్‌ను అనువదించడమే తప్పనే వర్గం బలంగా ఉంది. సాయం చేసిన పండితులూ ఉన్నారు. చివరికి 1930లో పుస్తకం వచ్చింది. పేరు మాత్రం "ఖురాన్" అని కాదు, "ఖురాన్ అర్థం" అనే భావం వచ్చేలా పెట్టాడు. ఖురాన్‌ను అనువదించడం సాధ్యం కాదని ముందుమాటలో తానే రాశాడు. అరబ్బీది స్థానం అరబ్బీకే ఉంది, నాది చదువుకోవడానికి మాత్రమే అని ముందే ఒప్పుకున్నాడన్నమాట. అలా ఒప్పుకున్న పుస్తకం ఎవరి కుర్చీనీ కదిలించదు. ఇప్పటికీ మన ఇళ్లలో ఉంటుంది.

తెలుగులో కూడా 1920ల్లోనే వచ్చింది. చేసింది చిలుకూరి నారాయణరావు గారు, హిందువు, భాషా పండితుడు. దాని మీద పెత్తనం గొడవ ఏమీ రాలేదు. ఎందుకంటే దాన్ని మసీదులో నమాజుకు వాడదామని ఎవరూ అనలేదు.

మానస_హిస్టరీ
నమాజుకు వాడదామని ఎక్కడైనా అన్నారా?

చార్మినార్_రహీమ్
అన్నారు, అదీ అదే కాలంలో. టర్కీలో. 1925లో అక్కడి పార్లమెంటు ఖురాన్‌కు టర్కిష్ అనువాదం, వ్యాఖ్యానం రాయించాలని డబ్బు కేటాయించింది. అనువాదం పని మెహ్మెత్ ఆకిఫ్‌కు ఇచ్చారు. టర్కీ జాతీయ గీతం రాసిన కవి ఆయన. వ్యాఖ్యానం హమ్దీ యాజిర్ అనే పండితుడికి ఇచ్చారు.

ఆకిఫ్ ఈజిప్టులో ఉండి ఏళ్ల తరబడి పని చేశాడు. ఈలోపు ప్రభుత్వం ఎటు పోతోందో ఆయనకు కనబడింది. తన అనువాదాన్ని అరబ్బీ స్థానంలో నమాజులో చదివిస్తారేమో అని భయపడ్డాడు. అంతే, ఇవ్వనని ఒప్పందం నుంచి తప్పుకున్నాడు. 1932 రంజాన్‌లో ఇస్తాంబుల్ మసీదుల్లో ఖురాన్‌ను టర్కిష్‌లో వినిపించారు. అదే ఏడాది నుంచి అజాన్ కూడా టర్కిష్‌లోనే. 1941లో అరబ్బీ అజాన్ ఇస్తే శిక్ష అని చట్టమే తెచ్చారు. ఆకిఫ్ 1936లో స్వదేశం వెళ్తూ, నేను తిరిగి రాకపోతే కాల్చేయమని చెప్పి రాతప్రతిని కైరోలో ఒక మిత్రుడికి అప్పగించాడు. ఆ ఏడాదే ఇస్తాంబుల్‌లో పోయాడు. 1961లో దాన్ని నిజంగానే కాల్చేశారు. కొంత భాగం నకలు మాత్రం మిగిలి ఈ మధ్య అచ్చయింది.

1950 జూన్‌లో ప్రభుత్వం మారగానే అరబ్బీ అజాన్ మీద నిషేధం ఎత్తేశారు. టర్కిష్‌లో ఇవ్వకూడదని ఎవరూ అనలేదు, అయినా దేశమంతా అరబ్బీకి వెళ్లిపోయింది. హమ్దీ యాజిర్ వ్యాఖ్యానం మాత్రం 1930ల్లో వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. చూడండి, ఒకే తీర్మానంలో పుట్టిన రెండు పనులు. అర్థం చెప్పేది నిలబడింది, అరబ్బీ స్థానంలోకి వస్తుందేమో అన్న భయం పుట్టించింది బూడిదయింది.

తిరుపతి_రమణాచారి
మానస గారి నన్నయ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. భారతం మీద అసలు ఆంక్షే లేదు కదండీ. ఇతిహాస పురాణాలు అందరూ వినవచ్చు, వేదం మాత్రమే కొందరికి. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసింది అందరికీ తెరిచి ఉన్నదాన్నే. మూసి ఉన్న తలుపు జోలికి ఆయన పోలేదు. నాలుగు వేదాలనూ దాశరథి రంగాచార్య గారు తెలుగులో పెట్టింది మన కాలంలో. అప్పటికి ఆ తలుపుకు కాపలా ఉండేవాళ్లే తగ్గారు.

పెత్తనం నిజంగా కదిలిన చోటు కావాలంటే శ్రీవైష్ణవం చూడండి. ఆళ్వార్ల తమిళ పాశురాలు నాలుగు వేలనూ సంస్కృత వేదంతో సమానమన్నారు. నమ్మాళ్వార్ బ్రాహ్మణుడు కాదు, అయినా ఆయన తిరువాయ్‌మొళి ద్రావిడ వేదమైంది. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. సంస్కృతాన్ని పక్కన పెట్టి ఒక స్త్రీ తమిళంలో పాడిన పాట స్వామిని మేల్కొలుపుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

పాతపుస్తకాలాయన
రమణాచారి గారూ, అది అనువాదం కాదు కదా, తమిళంలోనే పుట్టింది. అయినా ఈ చర్చకు పనికొస్తుందని ఒప్పుకుంటాను. మరి ఆ పాశురాలు గుడిలో ఎవరు చదవాలన్న హక్కు ఎవరికి పోయింది?

తిరుపతి_రమణాచారి
మంచి పాయింటే పట్టుకున్నారు. గోష్ఠిలో నిలబడి చదివే హక్కు అందరిదీ కాదు. కంచి వరదరాజస్వామి గుడిలో వడగలై, తెంగలై అనే రెండు శ్రీవైష్ణవ శాఖల వాళ్లు దీని మీదే తరాల తరబడి కోర్టులకెక్కారు. ఇక మన తెలుగు భక్తుడి సంగతి, ధనుర్మాసంలో కొండ మీద వినేది తమిళమే. ఆయనకు అదీ సంస్కృతం లాగే, అర్థం తెలియదు కానీ వింటే పుణ్యం. ఒకప్పటి జనభాష పాటే ఇప్పుడు మంత్రమై కూర్చుంది. దానికి మళ్లీ తెలుగు టీకాలు!

డేవిడ్_గుంటూరు_టు_డాలస్
ఈ మాట చదివి నవ్వొచ్చింది, మా చర్చిలో జరిగేది ఇదే. మేం వాడే పాత తెలుగు బైబిల్ గ్రాంథికంలో ఉంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఒక్క ముక్క ఎక్కడం లేదని, వాడుక భాషలో ఉన్న కొత్త అనువాదం ఆదివారం ఆరాధనలో చదువుదామన్నాను. పెద్దలంతా ఒకే మాట, "ఇంట్లో చదువుకోండి, పల్పిట్ మీద మాత్రం పాతదే". కారణం అడిగితే అది దేవుని వాక్యంలా వినిపించదట. రహీమ్ భాయ్ చెప్పిన తేడా అచ్చంగా అదే.

ఆ పాతది కూడా ఒకనాడు కొత్తదే కదా. లండన్ మిషన్ తరఫున అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చింది 1805లో. ఆయన 1810లోనే చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అందులో ఎక్కువ భారం మోసింది ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు. పుస్తకం గురించి చెప్పేటప్పుడు మిషనరీ పేరే ముందుంటుంది. తెలుగు వాక్యం ఎలా ఉండాలో ఆయనకన్నా ఈయనకే బాగా తెలిసి ఉంటుందని నా అనుమానం.

గోదారిగట్టు_సుబ్బు
సరే, లూథర్‌కు ముందు జర్మన్ బైబిళ్లున్నాయి, ఒప్పుకున్నాను. కానీ మీరంతా కలిసి అనువాదం వల్ల ఏమీ జరగలేదని తేల్చేలా ఉన్నారు. జర్మనీలో రైతులు తిరగబడ్డారు కదా? బైబిల్ చేతికి రాకపోతే అది జరిగేదా?

పాతపుస్తకాలాయన
ఈసారి మీది గట్టి ప్రశ్న. 1525 మార్చిలో మెమ్మింగెన్ అనే ఊళ్లో రైతుల తరఫున పన్నెండు డిమాండ్లు తయారయ్యాయి. రాసిన ఇద్దరిలో ఒకడు పాస్టరు షాపెలర్, ఇంకొకడు సెబాస్టియన్ లోట్సర్. ఈ లోట్సర్ తోలు కోట్లు కుట్టే పనివాడు. కాగితం అంచుల్లో ప్రతి డిమాండ్‌కూ బైబిల్ వచనాల నంబర్లు వేశారు. మొదటి డిమాండే మీ చర్చకు సరిగ్గా సరిపోతుంది: మా పాస్టరును మేమే ఎన్నుకుంటాం, సరిగా లేకపోతే మేమే తీసేస్తాం. మూడోది, క్రీస్తు అందరినీ విడిపించాడు కాబట్టి మేం ఎవరికీ బానిసలం కాము. చివరిది ఇంకా బాగుంటుంది. ఇందులో ఏదైనా వాక్యానికి విరుద్ధమని గ్రంథం నుంచే చూపిస్తే వెనక్కి తీసుకుంటాం అన్నారు. వర్మ్స్ సభలో చక్రవర్తి ముందు లూథర్ చెప్పిన మాట కూడా ఇదే!

లూథర్ ముందు ప్రభువులకూ రైతులకూ ఇద్దరికీ బుద్ధి చెప్పాడు, తర్వాత మే నెలలో రైతులను అణచివేయమని ప్రభువులను ఉసిగొలిపాడు. తిరుగుబాటు నెత్తుట్లో ముగిసింది. ఆ తర్వాత జరిగింది మన నోట్సుల్లో ఉండదు. లూథర్ ఉన్న సాక్సనీలో పాలకుడు నియమించిన తనిఖీ బృందాలు ఊరూరా తిరిగి పాస్టర్లనూ జనాన్నీ పరీక్షించాయి. 1529లో లూథర్ చిన్న కాటెకిజం రాశాడు, ప్రశ్నలూ జవాబులతో. పాస్టర్లకు ఆయన చెప్పింది ఏమిటంటే, ఒకే పాఠం పట్టుకోండి, ఒక్క అక్షరం కూడా మార్చకండి, జనానికి మాట మాటా బట్టీ పట్టించండి. నేర్చుకోనని మొండికేసేవాళ్లను పాలకుడు దేశం నుంచి వెళ్లగొడతాడని కూడా రాశాడు. బైబిల్ చేతిలో పెట్టి ఏడేళ్లు తిరగకముందే సామాన్యుడి చేతికి ఇచ్చింది జవాబుల పుస్తకం. పోపు చేతిలోని కర్ర పాలకుడి చేతికి వెళ్లిందని నేనంటాను.

ఇంగ్లండ్‌లో ఇంకా పచ్చిగా జరిగింది. 1538లో ప్రతి చర్చిలో ఇంగ్లిష్ బైబిల్ పెట్టాలని ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. 1543లో అదే ప్రభుత్వం చేతివృత్తులవాళ్లు, నౌకర్లు, కూలీలు, మామూలు ఇంటి ఆడవాళ్లు దాన్ని చదవకూడదని చట్టం చేసింది. గొప్పింటి స్త్రీలు ఒంటరిగా చదువుకోవచ్చట.

మానస_హిస్టరీ
సార్, ఒక చిన్న అభ్యంతరం. పాలకుడికి వెళ్లిందన్నది నిజమే కానీ అంతా అక్కడికే వెళ్లిందా? నిన్న లైబ్రరీలో అర్గులా ఫాన్ గ్రూంబాక్ గురించి చదివాను. బవేరియాలో 1523లో ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయం సీహోఫర్ అనే కుర్రాడిచేత లూథర్ భావాలు తప్పని బలవంతంగా ఒప్పించింది. ఈమె ఆ విశ్వవిద్యాలయానికే ఉత్తరం రాసింది. వాక్యంలో ఎక్కడ తప్పుందో చూపించండి, నాకు లాటిన్ రాదు, జర్మన్‌లో వాదిద్దాం రండి అని! ఉత్తరం అచ్చయి ముద్రణ మీద ముద్రణ వచ్చింది. ఆమె భర్త ఉద్యోగం ఊడింది. పండితులు జవాబే ఇవ్వలేదు. 1466 బైబిల్ చదివి ఇలా రాసిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా?

పాతపుస్తకాలాయన
నాకు తెలిసి లేరు. మంచి ఉదాహరణ పట్టారు. అయినా నా మాట మారదు. 1524 తర్వాత ఆమె కొత్తగా అచ్చు వేసిందేమీ లేదు. తలుపు తెరుచుకున్నది రెండేళ్లు. సంస్థలు కుదురుకున్నాక మూసుకుంది.

చార్మినార్_రహీమ్
రెండేళ్లని తీసిపారేయకండి సార్. జవాబు ఇవ్వకుండా తప్పించుకోవాల్సి వచ్చిందంటేనే ఆ పండితుల స్థానం మారినట్టు. మునుపైతే జర్మన్‌లో అడిగినదాన్ని పట్టించుకునే అవసరమే ఉండేది కాదు.

పాతపుస్తకాలాయన
మునుపు కూడా జవాబివ్వలేదు, ఇప్పుడూ ఇవ్వలేదు. తేడా ఏముంది?

మానస_హిస్టరీ
తేడా ఏమిటంటే ఈసారి అడిగింది ఊరంతా చదివింది. సెమినార్‌లో మీ ఎమ్సర్‌నూ, నా అర్గులానూ పక్కపక్కన పెడతాను. రహీమ్ గారూ, ఆకిఫ్ ఒప్పందం గురించి ఇంకాస్త చదవడానికి ఉర్దూ కాకుండా ఇంగ్లిష్‌లో ఏమైనా దొరుకుతుందా? శ్రీలక్ష్మి గారూ, మీ అత్తగారి మాటను పేరు లేకుండా వాడుకోవచ్చా?

శ్రీలక్ష్మి_విజయవాడ
వాడుకోండి, ఆవిడకు చెబితే సంబరపడతారు. పురోహితుడి సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. పెళ్లి మాఘంలో.